ఎక్స్-రే చిత్రానికి పదును పెట్టవచ్చునా?

మసకగా ఉన్న ఎక్స్-రే చిత్రానికి కంప్యూటరు చేత పదును పెట్టిస్తే లోపలి సంగతులు మరింత బాగా తెలుస్తాయని పలువురి నమ్మకం. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో ఒక తుంటి కీలు విషయంలో చూద్దాం.

అరిగిన కీలును తీసివేసి లోహపు కీలు అమర్చుకొన్న రోగికి కొన్ని ఏండ్లకు నొప్పి వచ్చినదనుకొందాం. లోహం ఎముకలో వదులైనదా అన్నదే వైద్యుని సందేహం. వదులైతే రెంటి నడుమ నల్లని గీత కనబడుతుంది. అది 2 మిల్లీమీటర్లకు మించినా, ఏటేటా వెడల్పవుతున్నా అనుమానించవలసినదే.

ఇక పదును పెట్టే విధానం. చిత్రాన్ని ముందు కావాలని మసక చేస్తారు. అసలుకూ మసకకూ గల తేడాను తిరిగి అసలుకు కలుపుతారు. ఒక వరుసలో తెల్లదనాన్ని తెలిపే అంకెలు ఇవి అనుకోండి: ఎముక 100, 100, 100, ఆ ప్రక్కనే లోహం 200, 200, 200. ప్రతి బిందువుకూ దాని ఇరుగుపొరుగులతో సగటు కట్టండి. లోహానికి ఆనుకొన్న ఎముక బిందువు సగటు 133 వస్తుంది. తేడా మైనస్ 33. దానిని కలిపితే 100 కాస్తా 67 అయి కూర్చుంటుంది! ఎముక చెక్కుచెదరలేదు, నల్లగీత మాత్రం పుట్టింది. సగటు కట్టే బిందువుల సంఖ్య పెరిగినకొద్దీ ఆ గీత వెడల్పవుతుంది. దీనికి 'ఊబర్‌ష్వింగర్' అన్న జర్మన్ పేరు కూడ ఉన్నది.

దీనిని గుర్తుపట్టే ఉపాయం లేకపోలేదు. బూటకపు గీత లోహపు అంచు పొడవునా ఒకే తీరున నడుస్తుంది; ఎముకను దాటి కండలోనికి వచ్చిన చోట కూడ వదలదు. పదును పెట్టని అసలు చిత్రంలో కనబడదు. కావున అసలును చెరిపివేయడం నా దృష్టిలో క్షమించరాని పని.

ఈ దోషం లెక్కకు అందుతుంది గనుక నయం. కృత్రిమ మేధతో చిత్రాన్ని పెద్దది చేయడం అంతకంటె చిక్కు. నిడివినీ వెడల్పునూ నాలుగేసి రెట్లు పెంచితే ఒక్క బిందువున్న చోట 16 రావాలి. కొలిచినది ఒకటే, మిగిలినవి యంత్రం తాను మునుపు చూచిన చిత్రాలనుబట్టి ఊహించినవి. 2018లో జోసెఫ్ పాల్ కోహెన్, ఆయన సహచరులు మెదడు ఎం.ఆర్.ఐ. చిత్రాలతో ఇటువంటి ఊహనే పరీక్షించారు. వారు చేసినది పెద్దది చేయడం కాదు, ఒక రకపు చిత్రాన్ని మరొక రకంగా మార్చడం. అయినను పాఠం ఒకటే. కంతి లేని చిత్రాలను మాత్రమే నమూనాగా చూపి తయారుచేసిన యంత్రానికి కంతి ఉన్న రోగి చిత్రం ఇస్తే, అది కంతిని తుడిచివేసి నున్నని మెదడును చూపింది. ఇక్కడ వెతకడానికి బూటకపు గీత కూడ లేదు. చిత్రం చూడ ముచ్చటగానే ఉన్నది.