‘కొన్ని’ అంటే ఎన్ని?

లారీ వచ్చి ఆగగానే గోదాము ఇన్‌చార్జి గుమ్మంలోంచే కేకేసి చెప్పే మాట ఇది:

“కాగితం తీసుకుని, లెక్క చూసుకుని, కొన్ని తూకం వేయించి, గోడకి మరీ ఆనకుండా నెట్టు కట్టెయ్యండి. పాతది ముందు పోవాలి, మర్చిపోవద్దు. ఆ, తడిసినవుంటే అటు పక్కన పెట్టండి. గోదారి పెరుగుతోందంటే కింది సరుకు పైకెత్తాలి, తెలుసుగా!”

ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న మేస్త్రీకి ఇందులో అర్థంకానిది ఏదీ లేదు. ‘అటు’ అన్నప్పుడు చెయ్యి ఎటు చూపిందో ఆయనకు కనిపిస్తుంది. ‘మరీ’ అంటే ఎంతో ఆయన భుజానికి తెలుసు. చిక్కల్లా మేస్త్రీ రాని రోజునే. మొన్ననే పనిలో చేరిన కోయ కుర్రాడికీ, సరిహద్దు దాటి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీకీ ఆ చెయ్యి అర్థం కాదు.

భద్రాచలం దారిలో ఉన్న ఒక రేషన్ బియ్యం గోదాములో గుమస్తా ఈ మాటను అంకెలు వేసిన కాగితంగా మార్చి గోడకు అంటించాడు. ఆ పనితనం గురించే ఈ వ్యాసం.

మొదట అతను మాటను మూడు ముక్కలు చేశాడు. ఇన్‌చార్జి ఒక్క ఊపిరిలో చెప్పినవి నిజానికి మూడు వేర్వేరు సందర్భాల్లో మొదలయ్యే పనులు. దింపుడు పని లారీ వస్తే మొదలవుతుంది. పాత సరుకు ముందు పంపడం దుకాణానికి సరుకు కదిలే రోజు పని. కింది సరుకు ఎత్తడం గోదావరి పెరిగినప్పటి పని. అందుకే మూడు కాగితాలయ్యాయి. ఒక్కొక్కదాని నెత్తిన అది ఎప్పుడు మొదలవుతుందో రాసి ఉంది.

తర్వాత క్రియల దగ్గరికి వచ్చాడు. తీసుకుని, చూసుకుని, వేయించి, కట్టి అంటూ ఎన్ని పనులనైనా ఒకే వాక్యంలో గుచ్చుకుపోవడం తెలుగుకు అలవాటు. వినడానికి హాయిగా ఉంటుంది గాని, ఏ పని ఎవరిదో దండలో దారంలా దాగిపోతుంది. ‘వేయించి’లోని ‘ఇంచు’ మరీ గడుసుది. ఎవరో ఒకరు వేస్తారన్న భరోసా ఇస్తుంది, ఆ ఒకరెవరో చెప్పదు. గుమస్తా ఆ గొలుసును తెంపి, ప్రతి అంకె ముందు మనిషిని నిలబెట్టాడు.

మూడోది అడగడం. ‘కొన్ని’ అన్నచోట తనకు తోచిన అంకె వేసి ఊరుకోలేదు.

“కొన్ని అంటే ఎన్ని సార్?”

“ఒక పది, పదిహేను చూడు.”

“లారీలో వందే వస్తే?”

ఇన్‌చార్జి కాసేపు ఆలోచించి, ఇరవైకి ఒకటి అన్నాడు. ఆ నిర్ణయం అప్పటిదాకా ఎవరూ తీసుకోలేదు. ‘కొన్ని’ అనే మాట దాని అవసరాన్ని కప్పిపెట్టింది. గోడకు ఎంత దూరం, నెట్టు ఎన్ని వరుసలు, ‘అటు’ అంటే ఎటు అనేవీ అలాగే తేలాయి. దింపుడు కాగితం చివరికి ఇలా నిలిచింది:

1. గుమస్తా: డ్రైవరు దగ్గర ట్రక్ షీటు తీసుకోవాలి.
2. గుమస్తా: షీటులో ఉన్న నంబరూ లారీ నంబరూ ఒకటేనా చూడాలి. తేడా ఉంటే తాళ్లు విప్పనివ్వకుండా ఇన్‌చార్జిని పిలవాలి.
3. హమాలీలు: టార్పాలిన్ తీయాలి.
4. మేస్త్రీ: పై వరుస బస్తాలనూ నాలుగు పక్కల బస్తాలనూ చేత్తో తడిమి చూడాలి.
5. హమాలీలు: తడి తగిలిన బస్తాలను ముందు దించాలి. ఎర్ర గీత లోపల పెట్టాలి. నెట్టులో కలపకూడదు.
6. గుమస్తా: ప్రతి 20వ బస్తాను కాటా మీద తూచాలి. బరువు రిజిస్టరులో రాయాలి.
7. హమాలీలు: చెక్క చట్రాల మీద నెట్టు కట్టాలి. గోడకు రెండున్నర అడుగులు వదలాలి. 12 వరుసలు దాటకూడదు.
8. గుమస్తా: నెట్టు కార్డు మీద ఈ రోజు తేదీ రాయాలి.
9. గుమస్తా: మొత్తం లెక్క సరిపోయాకే ట్రక్ షీటు మీద సంతకం పెట్టాలి.

ఇన్‌చార్జి మాటలో తడి బస్తాల సంగతి ‘ఆ’ అంటూ చివర గుర్తొచ్చింది. కాగితంలో అది నాలుగో అంకెకు ఎక్కింది. నెట్టు కట్టాక తడి బస్తా బయటపడితే పైవన్నీ దించాలి. బయటపడకపోతే అక్కడే బూజు పట్టి పక్కవాటికి అంటుతుంది. మాటలో చివర వచ్చినది పనిలో ముందుండాలని పోల్చుకోవడమే ఈ కాగితంలో నాకు అన్నిటికన్నా నచ్చింది. రెండో కాగితంలోని ‘పాతది’ అన్న మాటకు ఎనిమిదో అంకె ఆధారమైంది. మిల్లు ఆడిన తేదీ కాదు, కార్డు మీది తేదీయే లెక్క.

గోదారి కాగితానికి కొలబద్ద ఊళ్లోనే ఉంది. భద్రాచలం దగ్గర నీరు 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులూ, 2022 జులైలో 71.3 అడుగులూ చూసిన ఊరిది. ‘పెరుగుతోంది’ అంటే ఒకరికి భయం, ఇంకొకరికి మామూలు. 43 అంటే అందరికీ 43. అందుకే గుమస్తా, 43 దగ్గర కింది వరుసల జాబితా రాసి ఖాళీ చట్రాలు సిద్ధం చేయాలనీ, 48 దగ్గర ఎత్తడం మొదలుపెట్టాలనీ రాశాడు. మూడో హెచ్చరిక దాకా ఆగితే బస్తాలెత్తే వ్యవధి మిగలదని లెక్క. ఈ అంకెలు ఆ గోదాముకే చెల్లుతాయి. మెరక మీద ఉన్నదానికి వేరు, వాగు పక్కన ఉన్నదానికి వేరు.

కాగితాన్ని కొత్త కుర్రాడి చేత పరీక్షించారు. చదివి వినిపించి, మారు మాట చెప్పకుండా చూశారు. మొదటి ప్రతిలో ‘పై వరుస తడిమి చూడాలి’ అని మాత్రమే ఉంది. అతను పై వరుసే చూశాడు. టార్పాలిన్ అంచులోంచి నీరు దిగేది పక్కలకు. ఆ రోజే ‘నాలుగు పక్కలు’ చేరింది.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. ఆరో అంకె కింద, బస్తా 50 కిలోల 580 గ్రాములు తూగాలని చిన్న అక్షరాల్లో ఉండేది. 50 కిలోలు బియ్యం, 580 గ్రాములు గోనెసంచి. 340 బస్తాల లారీలో 17 తూస్తే 859 కిలోల 860 గ్రాములు రావాలి. ఒకనాడు దానికి ఏడున్నర కిలోలు తక్కువొచ్చాయి. కాగితం ప్రకారం లారీ ఆగిపోయింది, డ్రైవరు గొడవపడ్డాడు. తీరా చూస్తే బియ్యం సరిగ్గానే ఉంది. ఆ రోజు వచ్చినవి ప్లాస్టిక్ సంచులు, ఒక్కొక్కటి సుమారు 135 గ్రాములు. సంచికి 445 గ్రాముల తేడా, పదిహేడింటికి ఏడున్నర కిలోలు. మేస్త్రీ ఉంటే సంచి ముట్టుకోగానే చెప్పేవాడు. స్పష్టంగా రాసిన అంకె, తనకు తెలియని సంగతి ఎదురైనప్పుడు అంతే స్పష్టంగా తప్పు చేయిస్తుంది.

గుమస్తా కాగితం చింపెయ్యలేదు. ఆరో అంకె కింద రెండు బరువులు రాశాడు, గోనెకొకటి, ప్లాస్టిక్‌కొకటి. ప్లాస్టిక్ సంచి నున్నగా జారుతుంది కాబట్టి, దాని నెట్టు పది వరుసలే అని ఏడో అంకెలో చేర్చాడు. రెండు మార్పుల పక్కనా తేదీ ఉంది, ఇన్‌చార్జి పొట్టి సంతకం ఉంది. కేకేసి చెప్పిన మాట ఎప్పుడు మారిందో ఎవరికీ గుర్తుండదు. ఇది ఏ రోజు, దేనివల్ల మారిందో గోడ మీద కనిపిస్తోంది.