డీజిల్ రంగు పసిగట్టే నేర్పు

విశాఖ రిఫైనరీలో ముడిచమురు స్తంభాన్ని నడిపే ఆపరేటర్ల పనితనం మెచ్చుకోదగ్గది.

కొలిమిలో సుమారు 360 డిగ్రీలకు కాగిన చమురు చాలావరకు ఆవిరై స్తంభంలో పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ వేడి తగ్గుతుంది. కార్బన్ గొలుసు పొడవైతే పక్క అణువులను తాకే చోటు ఎక్కువ, పట్టూ ఎక్కువ. విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి. అందుకే అయిదు కార్బన్ల పెంటేన్ 36 డిగ్రీలకే మరిగితే, పదహారు కార్బన్ల హెక్సాడెకేన్‌కు 287 కావాలి. మొదటిది స్తంభం కొసదాకా పోతుంది. రెండోది డీజిల్ పళ్లేల దగ్గరే ద్రవమవుతుంది.

డీజిల్ నమూనా నల్లబడిందంటే కిందినుంచి బరువైన భాగం ఎగదన్నిందని ఆపరేటర్ ఇట్టే పసిగడతాడు. డీజిల్ తీయడం కాస్త తగ్గిస్తే, మిగిలిన ద్రవం కింది పళ్లేల మీదికి జారి ఆ బరువును కడిగి దించుతుంది. ఆ కాస్త ఎంతో తెలియడమే అసలైన నేర్పు.