మంజూరైన లీవు, మారిన మేనేజరు

జనవరి వచ్చిందంటే హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మనుషులు ఒక ప్రాజెక్టు నుంచి ఇంకో ప్రాజెక్టుకు మారుతుంటారు. చాలామంది క్లయింట్లకు కొత్త బడ్జెట్ మొదలయ్యేది అప్పుడే. మన ఇళ్లలో మాఘమాసపు పెళ్లిళ్లు కూడా సరిగ్గా ఆ తర్వాతే వస్తాయి. నవంబరులోనే లీవు పెట్టి, అప్రూవ్ చేయించుకుని, ఇంట్లో మాటిచ్చేసిన మనిషికి జనవరిలో మేనేజరు మారిపోతాడు. కొత్తాయనకు ఆ లీవు సంగతి తెలియదు. చెప్పాలి. ఎలా చెప్పాలన్న దగ్గరే చాలామంది తడబడతారు.

టీమ్‌లు నడిపే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఇలాంటి మెయిళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం రెండే రకాలు. "ఫిబ్రవరిలో నాకు లీవు కావాలి, దయచేసి ఇవ్వగలరా?" అని కొందరు రాస్తారు. అప్పటికే మంజూరై ఉన్నదాన్ని తామే పక్కన పెట్టేసి, మళ్లీ వరుసలో చివర నిలబడడమే ఇది. "నా లీవు ముందే అప్రూవ్ అయింది, 10 నుంచి రాను" అని ఇంకొందరు రాస్తారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ తేదీల్లో తన పని ఎలా నడుస్తుందో చూసుకోవడానికి అవతలి మనిషికి వీలివ్వలేదు. అసలు అడగాల్సింది ఈ రెంటికీ మధ్య ఉంది. ఈ లీవు ఫలానా రోజున, ఫలానా వారు మంజూరు చేశారు, మీ దగ్గర కూడా ఇది ఇలాగే ఉంటుందని ఖాయం చేయండి అని అడగాలి. కొత్తగా అనుమతి కోరడం లేదు, ఉన్నదాన్ని నిలబెట్టమంటున్నాం.

దీనికి ముందు, లీవు పోర్టల్ లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. మనం లీవు పెట్టిన రోజున రికార్డులో రిపోర్టింగ్ మేనేజరుగా ఎవరి పేరు ఉంటే, ఆ అర్జీ వారికే వెళ్తుంది. వాళ్లు అప్రూవ్ చేస్తే పని ముగిసినట్టే. తర్వాత మేనేజరు మారినా సాధారణంగా ఆ ఎంట్రీ అలాగే ఉంటుంది, లీవు బ్యాలెన్స్‌లోంచి రోజులు తగ్గే ఉంటాయి. కానీ కొత్త మేనేజరుకు దాని గురించి ఏ మెయిలూ వెళ్లకపోవచ్చు. ఆయన ప్లాను వేసుకునేది పోర్టల్ చూసి కాదు, తన టీమ్ షీట్ చూసి. క్లయింట్‌కు పంపే లీవుల పట్టిక మళ్లీ వేరే ఉంటుంది. అంటే పోర్టల్‌లో పచ్చగా కనిపిస్తున్న మన లీవు, ఆ రెండు చోట్లా లేనే లేదు. గొడవ ఎప్పుడు వచ్చినా ఇక్కడి నుంచే వస్తుంది. పోర్టల్ చూసుకుని మనం ధీమాగా ఉంటాం, షీట్ చూసుకుని ఆయనా ధీమాగానే ఉంటాడు.

ఇంకా అప్రూవ్ కాని లీవైతే పరిస్థితి వేరు. కొన్ని చోట్ల అది పాత మేనేజరు పేరు మీదే ఆగిపోతుంది, కొన్ని చోట్ల కొత్తవారికి మళ్లుతుంది. కాబట్టి మారేలోపే పాతవారిని అడిగి తేల్చుకోవడం మంచిది.

పోయిన సీజన్‌లో ఒకమ్మాయికి ఈ మెయిల్ రాయడంలో సాయం చేశాను. ఒకప్పుడు నా టీమ్‌లో పనిచేసింది, ఇప్పటికీ అక్కా అనే పిలుస్తుంది. పాలకొల్లులో చెల్లెలి పెళ్లి, ముహూర్తం ఫిబ్రవరి 14 రాత్రి. 10వ తేదీ సోమవారం నుంచి 19 బుధవారం దాకా లీవు పెట్టింది. మధ్యలో శని, ఆదివారాలు పోగా ఎనిమిది పనిదినాలు. నవంబరు 18న అప్రూవ్ అయింది. జనవరి 2న వేరే ప్రాజెక్టుకు మార్చారు. వెళ్లిన వారానికే తెలిసిందేమిటంటే, అక్కడ పెద్ద రిలీజ్ ఫిబ్రవరి 15 శనివారం రాత్రి. టెస్టింగ్ ఈమె చేతిలో ఉంది.

"అక్కా, టికెట్లు కూడా అయిపోయాయి, ఆ మాట రాయనా?" అని అడిగింది.

వద్దన్నాను. రైల్వే రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. నర్సాపురం ఎక్స్‌ప్రెస్‌కు ఆమె టికెట్ కొన్నది డిసెంబరులో. లీవు మంజూరైంది దానికంటే ముందే. మన దగ్గరున్న గట్టి ఆధారం నవంబరు 18 అయితే, డిసెంబరు టికెట్‌ను ముందు పెట్టడం దేనికి? పైగా టికెట్ రద్దు చేసుకోవచ్చని ఎవరైనా అనగలరు. ముహూర్తం మార్చుకోమని మన ఊళ్లలో ఎవరూ అనరు.

తర్వాత కూర్చుని ఆ ఎనిమిది రోజులనూ విడదీశాం. పెళ్లికూతుర్ని చేసేది 12న. పెళ్లి 14 రాత్రి. 16న సత్యనారాయణ వ్రతం. 17న చుట్టాల ప్రయాణాలు. అంటే 12 నుంచి 17 దాకా ఆమె అక్కడ ఉండి తీరాలి. 10, 11 తేదీలు సామాను సర్దుకోవడానికీ, పనుల్లో అమ్మకు తోడుగా ఉండడానికీ పెట్టుకున్నవి. 18, 19 తిరిగి వచ్చాక అలసట తీర్చుకోవడానికి. ఈ లెక్క కాగితం మీద పడేదాకా ఆమెకు ఎనిమిది రోజులూ ఒకే ముద్దలా కనిపించాయి. ఇలా విడదీయడం ఈ పనిలో అన్నింటికంటే ముఖ్యమని నా నమ్మకం. ఏది కదలదో మనకే తెలియకపోతే, అవతలివారు దేన్ని కదపమన్నా బెదిరిపోతాం.

మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్లింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"నమస్కారం. జనవరి 2న మీ టీమ్‌లో చేరాను. ఫిబ్రవరి 10 నుంచి 19 వరకు నా లీవును అప్పటి మేనేజరు నవంబరు 18న మంజూరు చేశారు. ఆ మెయిల్ దీనికి జత చేశాను. 20వ తేదీ గురువారం తిరిగి డ్యూటీలో ఉంటాను. మా చెల్లెలి పెళ్లి 14న, కాబట్టి 12 నుంచి 17 వరకు తేదీలు మార్చుకునే వీలు లేదు. 15న రిలీజ్ ఉందని తెలిసింది. అవసరమైతే 10, 11 తేదీల్లో పనిచేసి నా భాగం టెస్టింగ్ 11 సాయంత్రానికి ముగిస్తాను. రిలీజ్ రాత్రికి బ్యాకప్‌గా ఎవరి పేరు చెప్పినా ఫిబ్రవరి మొదటి వారంలోనే వారికి కేటీ ఇస్తాను. ఈ లీవు మీ ప్లానులో ఉన్నట్టు ఈ శుక్రవారంలోపు ఖాయం చేయగలరా?"

ఇందులో బతిమాలడం లేదు, బెదిరించడం లేదు. మంజూరైన తేదీ ఉంది, తిరిగి వచ్చే తేదీ ఉంది. చాలామంది వెళ్లే తేదీ రాసి వచ్చే తేదీ మర్చిపోతారు, మేనేజరుకు ఎక్కువగా కావాల్సింది రెండోదే. 18, 19 తేదీల ప్రస్తావన మేం కావాలనే తేలేదు. ఇవ్వగలిగినవన్నీ మొదటి మెయిల్‌లోనే ఇచ్చేస్తే, మాట్లాడుకునేటప్పుడు ఇవ్వడానికి ఇంకేమీ మిగలదు.

మొదట వచ్చిన జవాబు "చూద్దాం". ఇలాంటి జవాబును చాలామంది సరే అనుకుని ఊరుకుంటారు. జవాబులో తేదీలు లేకపోతే అది జవాబు కాదు. శుక్రవారం ఆమె వెళ్లి నేరుగా అడిగింది. ఆయన అప్పుడు రిలీజ్ షీట్ తెరిచి చూశాడు. 10, 11 పని చెయ్యి, 12 నుంచి 19 వెళ్లు అన్నాడు. ఆ మాటనే ఆ సాయంత్రం రెండు వాక్యాల్లో రాసి ఆయనకు పంపింది. ఆయన "ఓకే, 12–19" అని తిరిగి రాశాడు. టీమ్ షీట్‌లో, క్లయింట్ పట్టికలో ఆ తేదీలు ఎక్కాయో లేదో కూడా చూసుకుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 10, 11 తేదీలను పోర్టల్‌లో తీసేయాలి. కొన్ని పోర్టళ్లలో రెండు రోజులు మాత్రమే రద్దు చేసుకోవచ్చు. కొన్నింట్లో మొత్తం రద్దు చేసి మళ్లీ పెట్టాలి, అప్పుడది కొత్త అర్జీ కింద కొత్త మేనేజరుకు వెళ్తుంది. నవంబరు 18 నాటి మంజూరు ఆ క్షణంలోనే పోతుంది. అందుకే రాతపూర్వకంగా ఓకే వచ్చేదాకా పోర్టల్‌ను ముట్టుకోవద్దని చెప్పాను. వచ్చాక మార్చి, అదే రోజు అప్రూవ్ చేయించుకుంది.

ఒకే కంపెనీలో ప్రాజెక్టు మారడం సంగతి ఇది. అదే గ్రూపులోని వేరే కంపెనీ పేరోల్‌కు మారితే కథ పూర్తిగా వేరు. అక్కడ పాత రికార్డు మూసేస్తారు, బ్యాలెన్స్ వస్తుందో రాదో కూడా ముందే అడగాలి. లీవు మాత్రం కొత్తగానే పెట్టుకోవాలి. అలాంటప్పుడు మారడానికి ఒప్పుకునే ముందే లీవు మాట ఎత్తాలి. సంతకం పెట్టాక అడిగితే మన మాటకు ఆ బరువు ఉండదు. పాత మెయిల్‌బాక్స్ కూడా మూసేస్తారు కాబట్టి, కంపెనీ నియమాలు ఒప్పుకునేంతవరకు మంజూరు కాపీ దగ్గర ఉంచుకోవాలి.

మంజూరైందంటే ఇక ఎవరూ కాదనలేరని మాత్రం అనుకోకండి. ప్రభుత్వ ఉద్యోగుల ఫండమెంటల్ రూల్స్‌లో 67వ నిబంధన, సెలవును హక్కుగా కోరలేరని, ప్రజాసేవ అవసరాలను బట్టి దాన్ని నిరాకరించే, రద్దు చేసే అధికారం మంజూరు చేసే అధికారికి ఉంటుందని చెబుతుంది. ప్రైవేటు రంగంలో షాపుల చట్టం ఏడాదికి ఇన్ని రోజుల వేతన సెలవు అని ఇస్తుంది తప్ప, నువ్వు కోరిన తేదీల్లోనే అని ఎక్కడా హామీ ఇవ్వదు. ఆ తేదీలను కాపాడేది కంపెనీ పాలసీ, మేనేజరు మాట, మన దగ్గరున్న మెయిల్. కాదంటే ఆ కాదనడాన్ని కారణంతో సహా రాసి ఇమ్మని మర్యాదగా అడగవచ్చు, పాత మేనేజరునూ హెచ్‌ఆర్‌నూ ఆ మెయిల్‌లో కలపవచ్చు. ఊరికే కాదనేవారిలో చాలామంది, కారణం రాయాల్సి వస్తే ఆగి ఆలోచిస్తారు.

మేనేజర్లకు ఒక మనవి. మీ టీమ్‌లోకి కొత్తగా ఎవరు వచ్చినా, లాప్‌టాప్, యాక్సెస్‌ల గురించి అడిగే మొదటి రోజే, "ముందే మంజూరైన లీవులు ఏమైనా ఉన్నాయా?" అని కూడా మీరే అడగండి. ఉన్నాయంటే అప్పుడే షీట్‌లో ఎక్కించండి.