ఏడో ఇంట్లో కేతువు ఉంటే ప్రేమ నిలవదా?

పెద్దమండ్యం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ ఇష్టపడ్డారని ఇంట్లో తెలిసిన తర్వాత చాలాచోట్ల వినిపించే మొదటి మాట ‘జాతకాలు చూపిద్దాం’. చూపించాక తరచుగా వచ్చే తీర్పు రాహుకేతువులదే. లగ్నంలో రాహువు, ఏడింట కేతువు కాబట్టి బంధం నిలవదంటారు. అయిదింట రాహువు ఉంది కాబట్టి ఇది ప్రేమ కాదు, మోహం అంటారు. ఆ తర్వాత ప్రయాణం శ్రీకాళహస్తికి, లేదంటే సంబంధం అక్కడికే ఆఖరు. రాహుకేతువుల స్థానం ప్రేమబంధం గురించి నిజంగా ఏమైనా చెప్పగలదా అన్నది తేల్చడానికి జ్యోతిషాన్ని బయట నుంచి కొట్టిపారేయక్కర్లేదు. దాని సొంత లెక్కల్లోకి దిగి చూస్తే చాలు.

రాహుకేతువులు గోళాలు కావు. చంద్రుడు తిరిగే దారి, ఆకాశంలో సూర్యుడు నడిచినట్టు కనిపించే దారిని రెండు చోట్ల దాటుతుంది. ఆ రెండు బిందువులే ఇవి. అందుకే ఎప్పుడూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా, 180 డిగ్రీల దూరంలో ఉంటాయి. ఏడాదికి సుమారు 19 డిగ్రీల చొప్పున వెనక్కి జరుగుతూ, రాశిచక్రమంతా తిరగడానికి 18.6 ఏళ్లు తీసుకుంటాయి. అంటే ఒక్కో రాశిలో దాదాపు ఏడాదిన్నర. దీన్నిబట్టి రెండు సంగతులు తేలతాయి. ఆ ఏడాదిన్నరలో పుట్టిన పిల్లలందరికీ, కుప్పంలో పుట్టినా కువైట్‌లో పుట్టినా, రాహువు ఒకే రాశిలో ఉంటుంది. ఇక ఒక బిందువు ఎక్కడుందో తెలిస్తే రెండోది ఎక్కడుందో వేరే చూడనక్కర్లేదు. కాబట్టి పన్నెండు ఇళ్లలో ఈ జంటకు ఉన్న అమరికలు ఆరే: ఒకటి–ఏడు, రెండు–ఎనిమిది, మూడు–తొమ్మిది, ఇలా. రాహువు ఏ రాశిలో ఉన్నదో కాలం తేలుస్తుంది. అది ఎన్నో ఇల్లు అవుతుందో లగ్నం తేలుస్తుంది. లగ్నం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది.

ఇప్పుడు పెళ్లి వయసులో ఉన్నవాళ్లనే తీసుకుందాం. 1999 ఫిబ్రవరి నుంచి 2000 జూన్ దాకా రాహువు కర్కాటకంలో, కేతువు మకరంలో ఉన్నాయి. 1999 ఆగస్టు 15న మదనపల్లెలో సూర్యోదయం ఆరు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు. సూర్యుడు ఆ రోజు కర్కాటక రాశి చివరి భాగంలో ఉన్నాడు. కాబట్టి పొద్దు పొడిచే వేళకు కర్కాటక లగ్నం ముగింపులో ఉంది. ఆరున్నరకల్లా సింహ లగ్నం వచ్చేసింది. ఉదయం ఆరింటికి పుట్టిన పాపకు లగ్నంలో రాహువు, ఏడింట కేతువు. ఆరున్నరకు పుట్టిన పాపకు పన్నెండింట రాహువు, ఆరింట కేతువు, అంటే ఏడో ఇల్లు ఖాళీ. మొదటి పాపకు దాంపత్యంలో వైరాగ్యం రాసిపెట్టి ఉందనీ రెండో పాపకు లేదనీ చెప్పడానికి ఆధారం ఆ అరగంటే. జనన ధ్రువపత్రంలో తేదీ ఉంటుంది కానీ పుట్టిన వేళ ఉండదు. చాలా ఇళ్లలో ఆ వేళ పెద్దల జ్ఞాపకంలోనే మిగులుతుంది. ‘ఆరు, ఆరుంబావు ప్రాంతంలో’ అనే జ్ఞాపకం మీద ఒక జీవితకాలపు నిర్ణయం నిలబడుతోంది.

పుట్టిన వేళ కచ్చితంగా తెలిసినా ఇంకో చిక్కుంది, నా దృష్టిలో అదే పెద్దది. లగ్నం నుంచి ఒకటి–ఏడు అమరిక ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరికి ఉంటుంది. కుటుంబ స్థానమూ మాంగల్య స్థానమూ కాబట్టి రెండు–ఎనిమిదిని కూడా దోషమే అంటారు. ప్రేమకు అయిదో ఇల్లు చూస్తారు కాబట్టి అయిదు–పదకొండునూ కలుపుతారు. ఆరింట మూడు అమరికలు, అంటే సగం మంది. ఆ తర్వాత చంద్రుడున్న రాశి నుంచి కూడా ఇదే లెక్క వేస్తారు. రెండింటిలో ఏదో ఒక చోట తగిలేవాళ్లు సుమారుగా నాలుగింట మూడొంతులు. శుక్రుడి నుంచి కూడా చూస్తే ఎనిమిది మందిలో ఏడుగురు. ఇంతమందికి ఉండే గుర్తు ఒకరిని మరొకరి నుంచి వేరుచేసి చూపలేదు. విడిపోయిన జంట జాతకాలు తెరిస్తే రాహుకేతువులు కనిపించడం ఖాయం. నలభై ఏళ్లు కలిసి బతికిన జంట జాతకాల్లోనూ కనిపిస్తాయి, కానీ వాటిని తెరిచి చూసేవాళ్లు ఉండరు. ‘మా వాళ్ల విషయంలో అక్షరాలా జరిగింది’ అని నిజాయితీగా చెప్పేవాళ్లు అంతమంది ఉండడానికి కారణం ఇదే.

దీనికి జ్యోతిషం చదువుకున్నవాళ్లు ఇచ్చే జవాబు తేలికైనది కాదు. రాహుకేతువులను విడిగా చూడకూడదనీ, సప్తమాధిపతి బలం, శుక్రుడి స్థితి, గురుదృష్టి, నడుస్తున్న దశ అన్నీ కలిపి చూడాలనీ అంటారు. వాళ్ల శాస్త్రం ప్రకారం అది సరైన మాటే. అయితే దాని అర్థమేమిటి? ఏడింట కేతువు ఉన్నంత మాత్రాన ఏమీ తేలదని వాళ్లే చెబుతున్నట్టు. అలాంటప్పుడు దాన్ని చూసి దోషం అని ప్రకటించడం వాళ్ల శాస్త్రానికే విరుద్ధం. పైగా ఇన్ని మినహాయింపుల్లో ఏది వర్తిస్తుందో ఫలితం తెలియకముందే కాగితం మీద పెట్టాలి. బంధం నిలిస్తే గురుదృష్టి కాపాడిందనీ, తెగితే కేతువు తెంచాడనీ తర్వాత చెప్పడానికి ఏ శాస్త్రమూ అవసరం లేదు. ముందే చెప్పించే పరీక్ష ఒకటి మన దేశంలో 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం పుణెలో చేసింది. చదువులో చురుకైన పిల్లల జాతకాలూ, మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల జాతకాలూ కలిపి ఇచ్చి ఏది ఎవరిదో చెప్పమన్నారు. ఒక్కొక్కరు నలభై జాతకాలు చూసి పంపిన 27 మంది జ్యోతిష్యుల సగటు సరైన జవాబులు 46 శాతం. నాణెం ఎగరేసినా సగం వస్తాయి. అది పెళ్లిళ్ల మీద పరీక్ష కాదు, నిజమే. రాహుకేతువులూ ప్రేమా అన్న విషయం మీద కూడా అలాంటి పరీక్షే పెట్టవచ్చు, కష్టమేమీ కాదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధించే సంగతి ఇంకొకటి ఉంది. సంప్రదాయం రాహువును మ్లేచ్ఛ కారకుడనీ, అన్యజాతి కారకుడనీ అంటుంది. అందుకే అయిదింటనో ఏడింటనో రాహువు ఉంటే కులం బయట, మతం బయట ప్రేమ అని చెబుతారు. ఇక్కడ కులం దాటడమే దోషమని ముందే అనుకున్నారు, ఆ తర్వాత దానికి గ్రహం పేరు పెట్టారు. ఇంట్లో పెద్దలు ‘వాళ్ల కులం మాకు ఇష్టం లేదు’ అని పైకి అంటే పిల్లలు ఎదురు ప్రశ్న వేయగలరు. ‘రాహువు బాగాలేదు’ అంటే ఏం అడుగుతారు? వాదించడానికి వీల్లేని చోటికి మాటను తరలించడానికి జాతకం పనికొస్తోంది.

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుంటే మనసు కుదుటపడుతుందని చెప్పేవాళ్ల అనుభవాన్ని నేను కాదనను. గ్రహణం రోజున కూడా తలుపులు మూయని ఆ గుడి మీద ఉన్న భక్తి వేరే సంగతి. మినుములూ ఉలవలూ దానమిచ్చి, నాగపడగల ముందు కూర్చుని దండం పెట్టుకునే జంటకు ధైర్యం వస్తే మంచిదే. కానీ పూజ ధైర్యమిచ్చింది కాబట్టి దోషం నిజమే అనడం కుదరదు. పూజ చేయించాక కూడా ‘దోషం బలంగా ఉంది’ అంటూ సంబంధం వదిలేసుకునే కుటుంబాలకు పరిహారం మీద కూడా నమ్మకం లేనట్టే.

పిల్లల జాతకాలు చూపించే తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. అబ్బాయి ఏం చేస్తాడు, తాగుతాడా, కోపం వస్తే ఎలా ఉంటాడు, అమ్మాయి చదువునూ ఉద్యోగాన్నీ సాగనిస్తాడా, ఇద్దరికీ మాట కుదురుతుందా అన్నవి అడిగి తెలుసుకోండి. వాటిలో తేడా ఉంటే పొమ్మనండి. రాహుకేతువులను చూసి మాత్రం ఏ సంబంధాన్నీ తెంచకండి.