కంప్యూటర్ కన్నుకు కనపడేది కాపీ కాదు

పరీక్ష హాల్లో తిరిగే ఇన్విజిలేటర్‌కి విద్యార్థి పేరు తెలుసు, ఊరు తెలుసు, ఏ హాస్టల్ నుంచి వచ్చాడో తెలుసు. కంప్యూటర్‌కి ఇవేమీ తెలియవు గనక అది అందర్నీ ఒకే కన్నుతో చూస్తుందని ఇంటి దగ్గర్నుంచి పరీక్షలు పెట్టే సంస్థలు చెబుతున్నాయి. మన మేధావుల్లో కూడా కొందరు ఈ మాట నమ్ముతున్నారు. నమ్మేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇంతకీ ఆ కన్ను చూసేదేమిటి?

ఈ నిఘా సాఫ్ట్‌వేర్‌కి కాపీ కొట్టడం అంటే ఏమిటో తెలీదు. దానికి తెలిసినవి కొన్ని సంకేతాలు మాత్రమే. వీటిని రెండు రకాలుగా విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది. మొదటిది కంప్యూటర్ లోపల జరిగేది. పరీక్ష కిటికీ వదిలి మరో కిటికీలోకి వెళ్ళడం, ఎక్కడ్నుంచో కాపీ చేసి అతికించడం, రెండో తెర తగిలించడం, నెట్ తెగిపోవడం, మళ్ళీ కలవడం. ఇవి జరిగాయా లేదా అన్నది యంత్రం దాదాపు కచ్చితంగా చెప్పగలదు, గంటా నిమిషంతో సహా రాసిపెట్టుకుంటుంది. రెండోది కెమెరా, మైకు ద్వారా వచ్చేది. ముఖం ఉందా, ఒకటే ముఖమా, తల ఎటు తిరిగింది, చూపు ఎటు పోయింది, గదిలో చప్పుడెంత. ఇదంతా ఊహ. తల పక్కకి తిరిగితే చిట్టీ కోసం తిరిగిందో, ఏడుస్తున్న చెల్లెలి కోసం తిరిగిందో దానికి తెలీదు.

ఈ రెండు రకాలనీ కలిపి సాఫ్ట్‌వేర్ ఒక అనుమానపు మార్కు వేస్తుంది. ప్రొక్టోరియో అనే అమెరికన్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. ఏ సంకేతానికి ఎంత బరువివ్వాలో అందులో పరీక్ష పెట్టేవాళ్ళు ముందే నిర్ణయించుకోవచ్చు. పరీక్ష అయ్యాక విద్యార్థుల పట్టీలో పేరు పేరుకీ ఎంత అనుమానమో రంగులతో కనబడుతుంది. అంటే గణితంలా కనపడే ఈ మార్కు వెనక మామూలు విద్యార్థి ఎలా ఉంటాడన్న ఒక మనిషి ఊహ ఉంది. సొంత గది ఉన్నవాడు, తలుపు వేసుకోగలిగినవాడు, ముఖం మీద మంచి వెలుతురు పడేవాడు, కరెంటూ నెట్టూ పోనివాడు, రెండు గంటలు కదలకుండా తెర వైపే చూసేవాడు. ఆ ఊహకి సరిపడనివాడు అనుమానితుడు.

ఈ ఊహ ఎవరి మీద ఎలా పడుతుందో చూపిన కేసు నెదర్లాండ్స్‌లో జరిగింది. కరోనా కాలంలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రియె విశ్వవిద్యాలయం ప్రొక్టోరియోతో పరీక్షలు పెట్టింది. అక్కడ చదువుతున్న రాబిన్ పొకోర్నీ అనే నల్లజాతి విద్యార్థినికి ముఖం కనపడలేదనీ, వెలుతురు చాలలేదనీ సాఫ్ట్‌వేర్ నుంచి పదే పదే హెచ్చరికలొచ్చాయి. ముఖం మీదికి సూటిగా దీపం పెట్టుకుని ఆమె పరీక్షలు రాయాల్సొచ్చింది. తెల్లజాతి సహవిద్యార్థుల్ని అడిగితే తమకీ బాధ లేదన్నారు.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం అర్థం చేసుకోవాలి. ఇది మనిషిని గుర్తుపట్టడం కాదు, అంతకన్నా ముందుమెట్టు: తెరలో ముఖమనేది అసలు ఉందా లేదా అన్నది. ఇందుకు చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి వెలుగునీడల తేడాని కొలుస్తుంది. కళ్ళ దగ్గర నీడ, బుగ్గల మీద వెలుతురు, ముక్కు దూలం మీద ఇంకాస్త వెలుతురు, ఈ అమరిక కనబడితే ముఖం ఉన్నట్టు. మసక వెలుతురులో నల్లని చర్మం మీద ఈ తేడా తగ్గిపోతుంది. చౌక కెమెరా అయితే ఇంకా తగ్గుతుంది. పైగా యంత్రానికి నేర్పడానికి వాడిన బొమ్మల్లో తెల్లముఖాలే ఎక్కువైతే, అది నేర్చుకునే ముఖం కూడా అదే. అమెరికాలో ఒక విద్యార్థి 2021లో ప్రొక్టోరియో కోడ్ విప్పి చూస్తే, ముఖం వెతికే పని ఓపెన్‌సివి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో జరుగుతోందని తేలింది. అదే సాఫ్ట్‌వేర్‌ని వేల ఫోటోల మీద పరీక్షిస్తే నల్లజాతి ముఖాల్లో 57 శాతాన్ని అది కనిపెట్టలేకపోయింది. తెల్ల ముఖాల్లోనూ 40 శాతం తప్పిపోయాయి. అంటే పనితనమే తక్కువ, ఆ తక్కువలో భారం నల్లవాళ్ళ మీద ఎక్కువ.

పొకోర్నీ 2022లో ఆ దేశపు మానవహక్కుల సంస్థకి ఫిర్యాదు చేసింది. డిసెంబర్‌లో వచ్చిన మధ్యంతర తీర్పు ముఖ్యమైంది. వివక్ష జరిగిందని అనుమానించడానికి తగినన్ని ఆధారాలున్నాయి, జరగలేదని రుజువు చేసే బాధ్యత ఇక విశ్వవిద్యాలయానిదే అంది. నిరూపించే బరువు బాధితురాలి భుజం మీద నుంచి సంస్థ భుజం మీదికి మారింది. కానీ 2023 అక్టోబర్‌లో వచ్చిన తుది తీర్పు వేరే దారి పట్టింది. విశ్వవిద్యాలయం చూపిన వివరాల్ని బట్టి ఆమె విషయంలో సాఫ్ట్‌వేర్ వివక్ష చూపినట్టు తేలలేదంది. ఆమె ఫిర్యాదుని విశ్వవిద్యాలయం ఇంకా జాగ్రత్తగా పట్టించుకోవలసిందని మాత్రం తప్పుబట్టింది.

ఈ తీర్పుని ఓటమిగానో గెలుపుగానో చూస్తే సగమే చదివినట్టు. కేసు చివరికి దేని మీద తేలింది? పరీక్ష రికార్డుల మీద. ఆ రికార్డులు ఎవరి చేతిలో ఉన్నాయి? కంపెనీ దగ్గర, విశ్వవిద్యాలయం దగ్గర. విద్యార్థిని చేతిలో ఉన్నది అనుభవం మాత్రమే. చూసేవాడి దగ్గరే సాక్ష్యం కూడా ఉంటే, చూడబడేవాళ్ళ మాట ఎప్పుడూ తేలికవుతుంది. ఇది మనకి కొత్తగా చెప్పాల్సిన పాఠం కాదు.

సరే, అమాయకుల్ని అనుమానించినా దొంగల్నైనా పట్టుకుంటుందా? నెదర్లాండ్స్‌లోనే ట్వెంటె విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఈ ప్రశ్నకి జవాబు వెతికారు. 30 మంది విద్యార్థులతో ప్రొక్టోరియో కింద పరీక్ష రాయించారు. వాళ్ళలో ఆరుగురికి కాపీ కొట్టమని ముందే చెప్పారు. సాఫ్ట్‌వేర్ ఆ ఆరుగురిలో ఒక్కర్నీ అనుమానించలేదు. మనుషులు కూర్చుని రికార్డింగులు చూస్తే ఒక్కరు దొరికారు.

ఇది విని 'అయితే కొట్టెయ్యొచ్చన్నమాట' అనుకునేవాళ్ళుంటారు. ఆ లెక్క తప్పు. సాఫ్ట్‌వేర్ ఆ రోజు అనుమానించకపోవడం వేరు, రికార్డు లేకపోవడం వేరు. వీడియో, తెర మీది కదలిక, నెట్ తెగిన నిమిషం అన్నీ దాచి ఉంటాయి. ఇద్దరి జవాబుల్లో ఒకే తప్పు ఒకే మాటల్లో కనపడితే నెల తర్వాతైనా ఒక మనిషి ఆ రికార్డు తెరిచి చూస్తాడు. అడ్డదారులు ఎక్కువగా వదిలేది కూడా మనం పైన చెప్పుకున్న మొదటి రకం ఆనవాళ్ళనే. టైము కలిసొస్తుందని నెట్ ఆపడం, మైకు తీసెయ్యడం, కెమెరాకి అడ్డం పెట్టడం, వేరే కిటికీ తెరవడం, ఇవన్నీ ఊహలు కావు, నమోదయ్యే సంఘటనలు. డబ్బు తీసుకుని దూరం నుంచి మన కంప్యూటర్‌లోకి దూరి రాసిపెడతామనేవాళ్ళకి దారిచ్చామంటే గుర్తింపు కార్డూ పాస్‌వర్డులూ కూడా ఇచ్చినట్టే. రేపు వాళ్ళే బెదిరిస్తే ఎవరికి చెప్పుకుంటాం?

అన్నిటికన్నా పెద్ద నష్టం మరొకటుంది. చూపు తిరిగింది, చప్పుడు వినపడింది అన్న ఊహల్ని ప్రశ్నించే హక్కు విద్యార్థికి ఉంది, గెలిచే అవకాశమూ ఉంది. కానీ ఒక్క అడ్డదారి రుజువైతే చాలు, ఆ ఊహలన్నీ కూడా నిజాలైపోతాయి. 'చూశారా, యంత్రం ముందే చెప్పింది' అంటారు. రిజర్వేషన్ సీటులో కూర్చున్నవాడి ప్రతిభని మొదట్నుంచీ శంకించే చోట ఆ మాట ఒక్కడితో ఆగదు, వెనకొచ్చేవాళ్ళ మీద కూడా పడుతుంది.

అలాగని కంప్యూటర్ రాసుకున్న లాగ్ అంతా వేదవాక్కు కాదు. అమెరికాలో డార్ట్‌మత్ వైద్య కళాశాల 2021లో 17 మంది విద్యార్థుల మీద మాల్‌ప్రాక్టీస్ ఆరోపణలు చేసింది. పరీక్ష జరుగుతుండగా పాఠాల వెబ్‌సైటు తెరిచారన్నది నేరం. ఎవరూ ముట్టుకోకపోయినా ఫోన్లూ కంప్యూటర్లూ తమంతట తామే ఆ సైటుతో మాట్లాడుకుంటాయని బయటపడ్డాక ఆరోపణలన్నీ ఎత్తేశారు. మనిషి చేసిందేదో యంత్రం చేసిందేదో విడదియ్యకుండా లాగ్ చదివితే ఇలాగే ఉంటుంది.

మన దేశంలో చర్మపు రంగు కులంతో పాటు నడవదు, అందుకని ఆమ్‌స్టర్‌డామ్ లెక్కని ఇక్కడికి యథాతథంగా తెచ్చి అతికించకూడదు. కానీ గది, వెలుతురు, నిశ్శబ్దం, కరెంటు, సొంత కంప్యూటర్ మాత్రం కులంతో పాటే నడుస్తాయి. ఆరుగురుండే హాస్టల్ గదిలో, ఒంటిగది ఇంట్లో రెండో ముఖం కనపడకుండా ఉండదు, రెండో గొంతు వినపడకుండా ఉండదు. 2020 సెప్టెంబర్‌లో బెంగుళూరు జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉమ్మడి ప్రవేశ పరీక్ష నుంచి విడిపోయి, ఇంటి నుంచే రాసే సొంత పరీక్ష పెట్టింది. ప్రకటనకీ పరీక్షకీ మధ్య పది రోజులైనా లేవు. కంప్యూటర్, కెమెరా, నెట్ లేని పిల్లలు ఏమవ్వాలన్న ప్రశ్నతో విషయం సుప్రీంకోర్టుకెక్కింది. 21న కోర్టు ఆ పరీక్షని కొట్టేసి, సీట్లు ఉమ్మడి పరీక్ష ద్వారానే నింపమంది.

కోర్టు దాకా వెళ్ళకముందే అడగాల్సినవి ఉన్నాయి. ఏ సంకేతాలకి ఎంత బరువిచ్చారు? అనుమానపు మార్కుని చూసి నిర్ణయించే మనిషి ఎవరు? రికార్డింగు ఎన్నాళ్ళు ఉంచుతారు, విద్యార్థికి చూపిస్తారా? సొంత గది లేనివాళ్ళకి కాలేజీలోనే కూర్చుని రాసే ఏర్పాటుందా? ఈ నాలుగూ పరీక్షకి ముందే రాతపూర్వకంగా అడగాలి. నమూనా పరీక్ష ఉంటే తప్పకుండా రాసి చూసుకోవాలి, అసలు పరీక్ష రాసే చోటే, అదే వెలుతురులో. పరీక్షలో హెచ్చరిక వచ్చినా, నెట్ తెగినా, ఎవరైనా గదిలోకొచ్చినా, అయిపోయిన వెంటనే టైముతో సహా ఈమెయిలు పెట్టాలి. రికార్డు వాళ్ళ చేతిలోనే ఉండిపోతే ఏమవుతుందో పొకోర్నీ కేసులో చూశాం. మన వైపు నుంచి కూడా ఒక రికార్డుండాలి. అడ్డదారి తొక్కనివాడికే ఆ రికార్డు పనికొస్తుంది.