పోయిన నెల ఓటీపీ ఎవరి ఫోనుకు వచ్చింది?

మా ఆఫీసులో జీఎస్‌టీ పని చూసుకునే ఖాతాదారులు ఎక్కువగా కొట్లవాళ్లు. సిమెంటు, ఎలక్ట్రికల్ సామాను, పురుగుమందులు అమ్మేవాళ్లు. కొత్తగా ఎవరైనా మా దగ్గరకు మారితే ఆ రోజు సాయంత్రంలోగా వాళ్లకు ఒక మెయిల్ వెళుతుంది. ఏం పంపాలి, ఎవరికి ఫోన్ చేయాలి, మొదటి వారంలో ఏం జరుగుతుంది అన్నవి అందులో ఉంటాయి. ఆ మెయిల్ రాయడం నాకు చేతనవడానికి చాలా ఏళ్లు పట్టింది.

మొదట్లో నేను రాసింది ఇలా ఉండేది: పైన ఒక పేరా మా సంస్థ గురించి, తర్వాత ఇరవై దాకా అంశాల జాబితా. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్ నిల్వ, నమోదైన మొబైల్ నంబరు, ఇలా. ఏదీ తప్పు కాదు. కానీ కౌంటరు దగ్గర ఫోన్‌లో చదివే మనిషికి ఆ జాబితాలో సగం అర్థమయ్యేది కాదు. అర్థం కానిదాన్ని గుమాస్తాకు పంపేవారు, గుమాస్తా పాత కన్సల్టెంటును అడిగేవాడు, అక్కడితో ఆగిపోయేది.

ఒకసారి ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఆయన ఒకరు 3వ తేదీన చేరారు. మెయిల్ పంపాను, ‘సరే సార్’ అని జవాబొచ్చింది. కావలసిన కాగితాలన్నీ వచ్చాయి. నమోదైన మొబైల్ అని అడిగినచోట ఆయన తన నంబరే రాశారు. 11వ తేదీ సాయంత్రం జీఎస్‌టీఆర్-1 దాఖలు చేయబోతే ఓటీపీ ఆయన ఫోనుకు రాలేదు. పోర్టల్‌లో ఉన్నది పాత కన్సల్టెంటు నంబరు. ఆ పెద్దమనిషి ఊళ్లో లేరు, ఫోన్ తీయలేదు. రిటర్ను 14న వెళ్లింది.

మూడు రోజులే కదా అనిపిస్తుంది. కానీ అమ్మినవాళ్లు 11 దాటాక వేసిన బిల్లులు కొన్నవాళ్ల ఆ నెల జీఎస్‌టీఆర్-2బి లో రావు, తర్వాతి నెలకు వెళ్లిపోతాయి. 2బి 14న తయారవుతుంది. అందులో లేని బిల్లు మీద ఆ నెల క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు. ఆయన దగ్గర సరుకు కొన్న ఒక కాంట్రాక్టరు 20వ తేదీ 3బి వేసేటప్పుడు ఆ పన్నంతా చేతి నుంచి కట్టాల్సి వచ్చింది. కాంట్రాక్టరు కొట్టాయన్ని నిలదీశాడు, కొట్టాయన నన్ను అడిగారు. ఆయన రాసిన నంబరు తప్పని నేను అనగలిగేవాణ్ణే. కానీ తప్పు నా ప్రశ్నది. ‘నమోదైన మొబైల్’ అంటే ఆయనకు తన మొబైలే. వేరే అర్థం ఉంటుందని ఆయనకెలా తెలుస్తుంది?

ఆ నెల నుంచి మెయిల్ తిరగరాశాను. ఒకటే నియమం పెట్టుకున్నాను: అవతలి మనిషి తాను కళ్లారా చూసినదాని గురించే అడగాలి. ఇప్పుడు మా మెయిల్‌లో మొదటి వాక్యమే ఇది: ‘పోయిన నెల రిటర్ను వేసిన రోజు మీ ఫోనుకు ఓటీపీ వచ్చిందా? రాకపోతే ఈ మెయిల్ మిగతాది తర్వాత చదవండి, ముందు నాకు ఫోన్ చేయండి.’

ఆ ప్రశ్నకు జవాబు రెండు నిమిషాల్లో వస్తుంది. రాలేదు అంటే మొదటి వారం పనంతా మారిపోతుంది. పాత కన్సల్టెంటు సహకరిస్తే కష్టమేమీ లేదు. పోర్టల్‌లో Amendment of Registration Non-Core Fields అనే చోట సంతకందారు మొబైలు, మెయిల్ మార్చి, కొత్త నంబరుకు వచ్చిన ఓటీపీతో ధ్రువీకరించుకోవచ్చు. దానికి అధికారి ఆమోదం అక్కర్లేదు. సహకరించకపోతే యజమాని గుర్తింపు కాగితాలు, వ్యాపారం తనదేననే ఆధారాలు పట్టుకుని తన పరిధిలోని పన్ను అధికారి దగ్గరకు స్వయంగా వెళ్లాలి. ఆయన సరిచూసి కొత్త మెయిల్, మొబైలు నమోదు చేస్తే తాత్కాలిక పాస్‌వర్డు కొత్త మెయిల్‌కు వస్తుంది. ఇది 9వ తేదీన మొదలుపెట్టే పని కాదు. అందుకే మెయిల్‌లో అది మొదటి వాక్యమైంది.

మిగతా అడగాల్సినవి కూడా అలాగే మార్చాను. క్రెడిట్ లెడ్జర్ నిల్వ అడగడం మానేసి, ‘పాత కన్సల్టెంటు మీకు పంపిన ఆఖరి 3బి కాపీ వాట్సాప్‌లో ఉంటే పంపండి’ అంటున్నాను. లాగిన్ చేతికొచ్చాక నిల్వ నేనే చూసుకోగలను. అమ్మకాల రిజిస్టరు బదులు, ‘మీ కొట్టులో టాలీ రాసేది ఎవరు? పేరు, నంబరు ఇవ్వండి’ అంటున్నాను. బ్యాకప్ ఎలా తీసి పంపాలో మా ఆఫీసు అమ్మాయి ఆ టాలీ రాసే మనిషికే ఫోన్‌లో చెబుతుంది. పాస్‌వర్డు మాత్రం మెయిల్‌లో రాయొద్దని విడిగా రాస్తాను. వచ్చి మా ఎదుటే టైపు చేస్తే అన్నిటికన్నా మంచిది.

మనుషుల వివరాలు రెండే ఇస్తాను. బిల్లులు, టాలీ గురించి అయితే మా అమ్మాయి. నోటీసు వస్తే, పన్ను ఎంతన్న దాని మీద అనుమానం ఉంటే నేను. ఆఫీసులో ఆరుగురం ఉన్నా ఆరు నంబర్లూ ఇవ్వను. దీనికి ఓటీపీతోనే సంబంధం. ‘ఈ రెండు నంబర్ల నుంచి ఫోన్ వస్తేనే ఓటీపీ చెప్పండి. అంతకు ముందు ఏ రిటర్ను, ఎంత పన్ను అన్నది మీకు వాట్సాప్‌లో వస్తుంది. అది చూడకుండా మాకైనా చెప్పకండి’ అని రాస్తాను. రిటర్ను మీద సంతకం యజమానిది. లెక్క చూడకుండా ఓటీపీ చెప్పడమంటే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టివ్వడమే.

మొదటి వారంలో జరగనివి కూడా రాస్తాను. ఇది చాలామంది వదిలేస్తారు. కన్సల్టెంటును మార్చిన మనిషికి పాత గాయం ఏదో ఉంటుంది: జవాబివ్వని నోటీసు, కలవని క్రెడిట్. చేరిన మర్నాడే అది తేలిపోతుందని ఆశపడతాడు. నేను ఇలా రాస్తాను: ‘ఈ వారం మీ లాగిన్, ఈ నెల రిటర్ను మాత్రమే చూస్తాం. పాత సంవత్సరాల లెక్క 20వ తేదీ 3బి అయ్యాక మొదలుపెడతాం. అయితే మీ చేతిలో జవాబు గడువు ఉన్న నోటీసు ఏదైనా ఉంటే ఇవాళే ఫొటో తీసి పంపండి.’ ఆఖరి వాక్యం లేకుండా ముందుది రాయకూడదు. గడువున్న నోటీసు 20 దాకా ఆగదు.

మెయిల్ మొత్తం తెలుగులోనే, ఫోన్ తెర మీద రెండు సార్లు జరిపితే అయిపోయేంత. పైన విషయం గడిలో స్వాగతం అని కాకుండా ‘8వ తేదీలోగా మీ నుంచి కావలసినవి మూడు’ అని ఉంటుంది. 8 ఎందుకంటే, బిల్లుల్లో తేడాలు సరిచూసి మళ్లీ అడగడానికి మాకు మూడు రోజులు కావాలి. పంపిన మర్నాడు పొద్దున్న ఫోన్ చేస్తాను. చదివారా అని అడగను. ‘ఓటీపీ వచ్చిందా లేదా చెప్పారు కాదు’ అంటాను.

మీరు జీఎస్‌టీ కడుతున్న వ్యాపారస్తులైతే, కన్సల్టెంటును మార్చే ఆలోచన లేకపోయినా సరే, ఈ నెల రిటర్ను వేసే రోజు ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో గమనించండి. మీకు రాకపోతే, పాతవారితో మాట మంచిగా ఉన్నప్పుడే నంబరు మార్పించుకోండి.