బస్తా నుంచి ఎకరానికి వెనక్కి

బషీర్‌బాగ్‌లో ఎల్బీ స్టేడియం ఎదురుగా వ్యవసాయ శాఖ కమిషనర్ కార్యాలయం ఉంది. ఊళ్ల నుంచి అక్కడికి చేరే సాగు లెక్కలు ఎకరాల్లో, గుంటల్లో ఉంటాయి. ఢిల్లీకి వెళ్లే పట్టికలకు హెక్టార్లు కావాలి. తిరిగి రైతు దగ్గరకు ఎరువు వచ్చేసరికి అది బస్తా. ఒకే పొలం ఇలా మూడు కొలతల్లో తిరుగుతుంది. రైతు సంఘాలవాళ్లు వేసుకునే సాగు ప్రణాళికలు చాలాకాలంగా చూస్తున్నాను. కూడికలు, గుణకారాలు తప్పిన ప్రణాళిక అరుదు. ఒక కొలత నుంచి ఇంకో కొలతలోకి దిగే గడప దగ్గరే ఎక్కువమంది తడబడతారు.

తెలంగాణ పాసుపుస్తకంలో 2.30 అని ఉంటే రెండెకరాల ముప్పై గుంటలని అర్థం. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది 2.75 ఎకరాలు. ఆ చుక్కను దశాంశమనుకుంటే పద్దెనిమిది గుంటల భూమి కాగితం మీదే మాయమవుతుంది. అదే 2.30 కర్నూలులోనో గుంటూరులోనో రాస్తే రెండెకరాల ముప్పై సెంట్లు, అక్కడ ఎకరానికి వంద సెంట్లు గనక దశాంశంగా చదివినా తప్పులేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఈ రెండు రకాల కాగితాలూ బషీర్‌బాగ్‌కే వచ్చేవి. ఇప్పటికీ రెండు వైపులా భూములున్న కుటుంబాలు, రెండు రాష్ట్రాల్లో సభ్యులున్న సంఘాలు ఉన్నాయి. వాళ్ల ప్రణాళికలో ఈ చుక్క ఏ ఊరిదో ముందు తెలుసుకోవాలి.

ఒక చిన్న ప్రణాళికను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ముగ్గురు రైతులు కలిసి వానాకాలం వరి వేస్తున్నారు. పాసుపుస్తకాల ప్రకారం వాళ్ల భూములు 2.30, 1.25, 2.05. ఎరువులు కలిపి కొనాలనుకుని ఇండెంట్ రాశారు: డీఏపీ ఆరు బస్తాలు, యూరియా తొమ్మిది, పొటాష్ మూడు. కాగితం శుభ్రంగా ఉంది, మొత్తాలు సరిపోయాయి. ఇలాంటి కాగితం చేతికొచ్చినప్పుడు వాళ్లు వేసిన లెక్కనే మళ్లీ పై నుంచి కిందికి వేసి చూడటం వల్ల ఉపయోగం తక్కువ. వాళ్లు నడిచిన దారిలోనే నడిస్తే వాళ్లు పడిన గుంటలోనే మనమూ పడతాం. నేను చివరి అంకె పట్టుకుని వెనక్కి వస్తాను. బస్తాలో పోషకం ఎంత, అన్ని బస్తాల్లో కలిపి ఎంత, దాన్ని ఎకరాలతో భాగిస్తే ఎంత. వచ్చిన అంకెను సిఫారసు పక్కన పెడతాను.

బస్తాలో ఏముందో బస్తా మీదే ఉంటుంది. డీఏపీలో నత్రజని 18 శాతం, భాస్వరం 46 శాతం. యాభై కిలోల బస్తాకు 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాష్ 60 శాతం, అంటే బస్తాకు 30 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం. ఇక్కడే జాగ్రత్త అవసరం. యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలే. బస్తా లెక్కన చల్లే అలవాటు ఉన్నచోట బస్తా బరువు తగ్గిస్తే వాడకం తగ్గుతుందన్న ఆలోచనతో చేసిన మార్పు అది. దాంతో బస్తాకు 23 కిలోలుండే నత్రజని 20.7 కిలోలకు దిగింది. పాత నోటు పుస్తకాల్లో, చాలామంది నోటి లెక్కల్లో మాత్రం యూరియా ఇంకా యాభై కిలోలే.

ఇక భూమి. గుంటలను గుంటలుగానే కలపాలి. 30, 25, 5 కలిపితే అరవై గుంటలు, అంటే ఎకరం ఇరవై గుంటలు. ఎకరాలు 2, 1, 2 కలిపితే ఐదు. మొత్తం ఆరెకరాల ఇరవై గుంటలు, అంటే ఆరున్నర ఎకరాలు. కాలిక్యులేటర్‌లో 2.30, 1.25, 2.05 కొట్టినవాళ్లకు 5.60 వస్తుంది. ఈ తప్పు తనంతట తానే పట్టిస్తుంది: గుంటల లెక్కలో చుక్క తర్వాత 39 దాటి అంకె రాకూడదు. 60 కనపడిందంటే ఎవరో చుక్కను దశాంశంగా కూడారు, లేకపోతే అవి సెంట్లు. కంప్యూటర్లో పట్టిక వేస్తే ఇంకో చిక్కు ఉంది. 2.30 కొడితే గడిలో 2.3 అని కనపడుతుంది, తర్వాత చూసినవాళ్లు దాన్ని రెండెకరాల మూడు గుంటలుగా చదువుతారు. మూడు గుంటలైతే 2.03 అని ఉండాలి. పాసుపుస్తకం అంకె A2 గడిలో ఉంటే, పక్క గడిలో ఈ ఒక్క వరస రాసుకుని, ఆ పక్క గడులనే కూడాలి:

```
=INT(A2)+(A2-INT(A2))*100/40
```

మన ముగ్గురివీ ఇలా 2.75, 1.625, 2.125గా మారి 6.5 వస్తుంది.

ఇప్పుడు ఇండెంట్‌ను వెనక్కి తిప్పుదాం. తొమ్మిది బస్తాల యూరియాలో నత్రజని 186 కిలోలు, ఆరు డీఏపీల్లో 54. మొత్తం 240, ఆరున్నరతో భాగిస్తే ఎకరానికి 37. భాస్వరం ఆరు బస్తాల్లో 138 కిలోలు, ఎకరానికి 21. పొటాష్ మూడు బస్తాల్లో 90, ఎకరానికి 14 కంటే కాస్త తక్కువ. తెలంగాణలో వానాకాలం వరికి సిఫారసు ఎకరానికి నత్రజని 48, భాస్వరం 24, పొటాష్ 16 కిలోలు. హెక్టారు పట్టికలో ఇదే 120–60–40గా ఉంటుంది.

ఈ మూడు అంకెలను కాసేపు పక్కపక్కన పెట్టి చూడాలి. తప్పు ఎక్కడ జరిగిందో అవే చెబుతాయి. భాస్వరం, పొటాష్ రెండూ దాదాపు ఒకే పాలు తగ్గాయి, ఎనిమిదో వంతు అటూ ఇటూగా. అన్నీ ఒకేలా తగ్గితే లోపం భూమి లెక్కలో ఉంటుంది. ఆరున్నరకు బదులు 5.60 వేసుకున్నారు. నత్రజని వాటికంటే ఎక్కువగా, దాదాపు నాలుగో వంతు తగ్గింది. అంటే దానికి భూమి తప్పుతో పాటు ఇంకోటి తోడైంది. నత్రజని ఒక్కటే అదనంగా పడిపోతే చూడాల్సింది యూరియా బస్తా బరువు. వాళ్లు యాభై కిలోలు అనుకున్నారు. రెండు తప్పులూ ఒకే వైపు లాగడంతో కూడికలో ఎక్కడా తేడా కనపడలేదు.

నత్రజని ఒక్కటే ఎక్కువ ఉంటే కారణం వేరు: డీఏపీలో ఉన్న నత్రజనిని తీసివేయడం మరచిపోయారన్నమాట. ఇదే పొలానికి మొత్తం నత్రజనినీ యూరియా నుంచే లెక్కేస్తే పదిహేను బస్తాలు వస్తాయి, ఏడు డీఏపీలతో కలిపితే ఎకరానికి 57 కిలోలు దాటుతుంది. మూడూ కలిసి రెండున్నర రెట్లయితే ఎవరో హెక్టారు అంకెను ఎకరాలతో గుణించారు. ఇది భూసార పరీక్ష కార్డుల దగ్గర ఎక్కువగా జరుగుతుంది. నేలలో ఉన్న నత్రజని, భాస్వరం, పొటాష్‌లను ఆ కార్డు హెక్టారుకు ఇన్ని కిలోలని చూపుతుంది. ఆ అంకె నేలలో ఇప్పటికే ఉన్నదానిది, వేయాల్సిన ఎరువుది కాదు. దాన్నే మోతాదు అనుకుని బస్తాలుగా మార్చిన ప్రణాళికలు కూడా చూశాను.

సరైన ఇండెంట్ ఇలా వస్తుంది. ఆరున్నర ఎకరాలకు భాస్వరం 156 కిలోలు కావాలి. 23తో భాగిస్తే ఏడుకు కాస్త తక్కువ, కాబట్టి ఏడు డీఏపీ బస్తాలు. వాటితో 63 కిలోల నత్రజని వస్తుంది. మొత్తం 312లో అది పోగా మిగిలిన 249కి యూరియా పన్నెండు బస్తాలు. పొటాష్ 104 కిలోలకు మూడున్నర బస్తాలు. ముందు భాస్వరం, తర్వాత యూరియా అన్న ఈ వరస మార్చకూడదు. డీఏపీ దొరక్క 20–20–0–13 తెచ్చుకుంటే బస్తాకు బస్తా మార్చేయడమూ కుదరదు. దాని బస్తాలో నత్రజని 10 కిలోలు, భాస్వరం 10 కిలోలే. ఏడు బస్తాలు తెస్తే భాస్వరం సగం కూడా అందదు. పదహారు బస్తాలు కావాలి, అప్పుడు యూరియా ఏడున్నర బస్తాలకు తగ్గుతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం తెల్లవారుజామునే వరసల్లో నిలబడ్డ రైతులకు ఈ తేడా ఎంతో చెప్పనక్కర్లేదు.

పొలంలో చల్లేటప్పుడు కూడా బస్తా మోసం చేస్తుంది. వరికి నత్రజనిని మూడు సమభాగాలుగా వేయమంటారు: దమ్ములో, దుబ్బు చేసేటప్పుడు, అంకురం ఏర్పడేటప్పుడు. ఎకరానికి ఒక్కో దఫాకు 16 కిలోలు. దమ్ములో డీఏపీ నుంచే తొమ్మిదికి పైగా వస్తుంది కాబట్టి అప్పుడు యూరియా 14 కిలోలు చాలు, తర్వాతి రెండు దఫాలకు 35 కిలోల చొప్పున. ఊళ్లో మాట మాత్రం ‘ఎకరానికి బస్తా కొట్టు’. దఫాకు పది కిలోలు అలా ఎక్కువవుతుంది. ఆకు నల్లగా కనిపించేంత పచ్చబడి, మెత్తబడి, దోమపోటును, అగ్గితెగులును పిలుచుకుంటుంది, ఈనాక గాలికి పడిపోతుంది. తక్కువైతే అడుగాకులు ముందు పసుపెక్కుతాయి. అంకురం దశ దాటాక అది చూసి పరుగెత్తినా పోయిన దిగుబడి తిరిగి రాదు.

విత్తనానికీ ఇదే పద్ధతి, అంకె వెనక సాగు పద్ధతి ఏమిటో అదనంగా అడగాలి. నాటే వరికి ఎకరానికి 20 నుంచి 25 కిలోలు, శ్రీ పద్ధతికి రెండు కిలోలే. హెక్టారుకు 50 నుంచి 60 కిలోలన్న మాటను ఎకరానికి చదివితే నారుమడి ఒత్తుగా మొలిచి నారు సన్నబడుతుంది. మన ఆరున్నర ఎకరాలకు 25 చొప్పున 162 కిలోలు, పాతిక కిలోల సంచులైతే ఏడు. ఎకరానికి రెండు గుంటల నారుమడి కాబట్టి పదమూడు గుంటల మడి సిద్ధం చేయాలి. మడి అంత లేకపోతే విత్తనం లెక్క ఎంత సరిగా ఉన్నా నారు అందదు.

హెక్టారును 2.471 ఎకరాలనాలా, రెండున్నర అంటే సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. తేడా నూటికి ఒకటి పై చిల్లర. చేత్తో ఎరువు చల్లేటప్పుడు అంతకు ఎన్నో రెట్లు అటూ ఇటూ అవుతుంది. రెండున్నరే వాడండి. అలాంటి చిన్న తేడానే ఇంకోటి: మన ముగ్గురిలో ఎకరం ఇరవై ఐదు గుంటల రైతు తన భూమిలో బావి, పశువుల కొట్టం కలిపి ఐదు గుంటలు సాగులో లేదంటాడు. అది తీసేస్తే సాగు ఆరెకరాల పదిహేను గుంటలు. మళ్లీ లెక్కేశాను: డీఏపీ ఏడే, యూరియా పన్నెండే, పొటాష్ మూడున్నరే, విత్తనం ఏడు సంచులే. వంద ఎకరాల సంఘం అయితే మాత్రం ఇలాంటి బావులు, కొట్టాలు, పోట్ ఖరాబు అన్నీ రైతు వారీగా అడిగి తీసేశాకే ఇండెంట్ రాయాలి.